వైరు సైజు మారింది, బిల్లు మారలేదు

సెప్టెంబరు చివరి వారం. విజయవాడలోని ఒక ఎలక్ట్రికల్ కాంట్రాక్టర్ వైరు కొట్టు ఖాతా, తన ఖాతా పక్కపక్కన పెట్టుకుని సరిచూసుకుంటున్నాడు అనుకుందాం. జులైలో ఒక రెండంతస్తుల దంత వైద్యశాలకు వైరింగ్ చేశాడు. ఆగస్టు 8న బిల్లు ఇచ్చాడు. కూలి 92,000 రూపాయలు, సామాను 1,64,000, దాని మీద 18 శాతం జీఎస్టీ కలిపి మొత్తం 3,02,080. డాక్టరుగారు రెండు వారాల్లో పైసా తగ్గించకుండా చెల్లించారు. ఆ పని ఫైలు కట్టేసి అటక మీద పెట్టేశారు కూడా.

ఇప్పుడు కొట్టువాడి ఖాతాలో రెండు పద్దులు తన బిల్లుతో కలవడం లేదు. మొదటిది, ఎనిమిది కాయిళ్ల 4 చదరపు మిల్లీమీటర్ల వైరు. తన బిల్లులో అవి 2.5 సైజు ధరకే ఉన్నాయి. రెండోది, ఒక డెలివరీ చలాన్. దాని మీద ఒక డిస్ట్రిబ్యూషన్ బోర్డు, పన్నెండు ఎంసీబీలు, ఒక ఆర్‌సీసీబీ ఉన్నాయి. ఆ చలాన్ తన బిల్లులోకి అసలు ఎక్కలేదు.

చిన్న కాంట్రాక్టుల్లో ఇది తరచూ జరిగేదే. సైటు నుంచి కుర్రవాడు సాయంత్రం ఫోన్లో జాబితా పంపుతాడు: ‘రాగి వైరు 14 కాయిళ్లు’. సైజు రాయడు, ఎందుకంటే సైటులో ఉన్న అందరికీ అది తెలుసు. బిల్లు రాసే మనిషికి తెలియదు. మొదటి అంచనాలో ఉన్న సైజునే అన్నింటికీ వేసేస్తాడు. చలాన్ సంగతి అంతకన్నా మామూలు. బోర్డు దించిన రోజు ఆ కాగితం మేస్త్రీ చొక్కా జేబులో ఉండిపోతుంది.

అలా పోయిన డబ్బును ఎలా అడగాలి? అడగకుండా ఊరుకునేవాళ్లు కొందరు, తరువాతి పనిలో ధర కాస్త పెంచి రాబట్టుకునేవాళ్లు కొందరు. ఈ రెండో దారి దొంగదారే. డాక్టరుగారు దేనికి డబ్బు ఇస్తున్నారో ఆయనకు తెలియకుండా పోతుంది. నేరుగా అడగడానికి చట్టంలోనే ఒక పద్ధతి ఉంది.

పాత బిల్లును ముట్టుకోకూడదు

కంప్యూటర్లో ఆగస్టు బిల్లు తెరిచి, అంకె మార్చి, అదే నంబరుతో మళ్లీ పంపడం చాలామందికి మొదట తోచే పని. అది చేయకూడదు. ఆ బిల్లు అంకెలు సెప్టెంబరులో దాఖలు చేసిన రిటర్నులోకి అప్పటికే వెళ్లిపోయాయి. డాక్టరుగారి చేతిలో ఒక అంకె, ప్రభుత్వం దగ్గర అదే అంకె, కాంట్రాక్టర్ కంప్యూటర్లో మాత్రం వేరే అంకె ఉంటే రేపు తేడా వచ్చినప్పుడు దోషి ఎవరో చెప్పనక్కరలేదు.

2017 నాటి కేంద్ర జీఎస్టీ చట్టంలో 34వ సెక్షన్ ఇందుకోసమే ఉంది. ఇచ్చిన బిల్లులో వేసిన విలువ గానీ పన్ను గానీ ఉండవలసినదానికంటే తక్కువని తేలితే, సరఫరాదారు డెబిట్ నోట్ ఇవ్వాలి. జనం వాడుకలో సప్లిమెంటరీ బిల్లు అనేదీ ఇందులోకే వస్తుందని ఆ సెక్షన్ వివరణలోనే రాసి ఉంది. కాబట్టి పైన ఏ పేరు పెట్టినా లోపల ఉండవలసినవి ఒకటే: ఇచ్చేవారి, తీసుకునేవారి పేర్లు, చిరునామాలు, జీఎస్టీ నంబర్లు (అవతలివారికి ఉంటే), 16 అక్షరాలకు మించని కొత్త వరుస నంబరు, తేదీ, ఏ పాత బిల్లుకు ఇది సంబంధించిందో దాని నంబరు, తేదీ, తరువాత విలువ, పన్ను రేటు, పన్ను మొత్తం, సంతకం. పాత బిల్లు నంబరు లేకపోతే ఇది కొత్త పనికి వేసిన కొత్త బిల్లులా కనబడుతుంది. అసలు తగవు మొదలయ్యేది అక్కడే.

ఈ కాగితాన్ని ఇచ్చిన నెలకు సంబంధించిన రిటర్నులో చూపాలి. ఆగస్టు రిటర్నును తవ్వి తీయనక్కరలేదు. అయితే పన్ను రెండు నెలలు ఆలస్యంగా కట్టినట్టయితే దానిపై వడ్డీ పడుతుందా లేదా అన్నది తప్పు ఎలా జరిగిందన్న దాన్ని బట్టి ఉంటుంది. ఆ విషయం ఆడిటరుతో తేల్చుకోవాలి. ఒకవేళ వడ్డీ పడితే, అది కాంట్రాక్టర్ నిర్లక్ష్యానికి పడినది. దాన్ని డాక్టరుగారి బిల్లులో కలపడం న్యాయం కాదు.

పన్ను విషయంలో ఇంకొక సంగతి కూడా ఉంది. అవతలివారు వ్యాపారం చేసి జీఎస్టీ కట్టేవారైతే, కొనుగోళ్ల మీద కట్టిన పన్నును చాలా సందర్భాల్లో తమ పన్నులో మినహాయించుకోగలరు. డాక్టరుగారికి ఆ వెసులుబాటు లేదు. వైద్యసేవకు జీఎస్టీ మినహాయింపు ఉంది కాబట్టి, ఆయన కట్టిన పన్ను తిరిగి రాదు. ‘పన్ను ఎలాగూ మీకు తిరిగొస్తుంది కదా సార్’ అన్న మాట అలవాటుగా నోటికి వస్తుంది. ఇక్కడ అది అబద్ధం అవుతుంది. పన్ను కూడా ఆయన జేబులోంచే పోతుందని గుర్తుంచుకునే ఉత్తరం రాయాలి.

అడిగే హక్కు ఉందా?

బిల్లు రాసే ముందు కాంట్రాక్టర్ మరో కాగితం తీయాలి, పని ఒప్పుకున్నప్పటి కాగితం. అన్నీ దాని మీదే ఆధారపడి ఉన్నాయి.

‘పని మొత్తం రెండున్నర లక్షలకు’ అని గుత్తకు ఒప్పుకుని ఉంటే, సామాను ఎక్కువైనా తక్కువైనా కాంట్రాక్టర్‌దే. ఎనిమిది కాయిళ్లు కాదు, ఎనభై కాయిళ్లు పట్టినా అడగడానికి వీల్లేదు. సామాను వాడినదానికి ముందే ఒప్పుకున్న ధర పట్టికను బట్టి డబ్బు అని ఉంటేనే సప్లిమెంటరీ బిల్లుకు చోటు ఉంటుంది. మన ఉదాహరణలో అలాంటి పట్టిక ఉంది. 2.5 సైజు వైరు 90 మీటర్ల కాయిల్ 2,600 రూపాయలు, 4 సైజు 4,100 అని అందులో రెండూ రాసి ఉన్నాయి.

సైజు ఎందుకు మారిందన్నది తరువాతి ప్రశ్న. పని మధ్యలో డాక్టరుగారు పై అంతస్తులో కూడా ఏసీలు కావాలన్నారు. ఏసీలకు, కంప్రెసరుకు, పరికరాలను ఆవిరితో శుభ్రం చేసే ఆటోక్లేవ్‌కు ఒక్కోదానికి బోర్డు నుంచి విడి లైను 4 సైజుతో లాగాలని చెబితే ఆయన సరేనన్నారు. ఆ మెసేజ్ జులై తేదీతో ఫోన్లో ఉంది. అది లేకపోతే కథ మారిపోతుంది. అడగకుండా పెద్ద వైరు వేసి ఇప్పుడు తేడా అడగడం పొరపాటును దిద్దుకోవడం కాదు. ఆయన ఒప్పుకోని పనికి డబ్బు అడగడం.

కొట్టులో ధర పెరగడం కూడా ఇందులోకి రాదు. రాగి ధర వారం వారం మారుతుంది, వైరు ధర దాని వెంట పోతుంది. కాంట్రాక్టర్ 4,100కు ఒప్పుకుని 4,350కు కొన్నాడనుకోండి, ఆ 250 అతని నష్టమే. బిల్లులో జరిగిన పొరపాటును, వ్యాపారంలో వచ్చిన నష్టాన్ని ఒకే కాగితంలో కలిపేస్తే అవతలివారు రెండింటినీ నమ్మరు.

తనకు ఎక్కువ వచ్చినది కూడా వెతకాలి

ఈ భాగాన్ని చాలామంది దాటేస్తారు. కానీ మొత్తం వ్యవహారంలో అవతలివారి నమ్మకాన్ని నిలబెట్టేది ఇదే.

తక్కువ వేసిన పద్దులు దొరికాయంటే ఆ బిల్లును సరిగా చూడలేదని అర్థం. సరిగా చూడని బిల్లులో తప్పులన్నీ ఒకవైపే పడతాయా? కాంట్రాక్టర్ మళ్లీ మొదటి నుంచి ప్రతి పద్దును చలాన్లతో సరిచూస్తాడు. ఇంకొకటి బయటపడుతుంది. మిగిలిన రెండు 1.5 సైజు కాయిళ్లను జులై ఆఖరున కొట్టుకు తిరిగి ఇచ్చేశాడు. కొట్టువాడు ఆ డబ్బు తగ్గించాడు. డాక్టరుగారి బిల్లులో మాత్రం ఆ రెండు కాయిళ్లూ, ఒక్కొక్కటి 1,650 చొప్పున, అలాగే ఉన్నాయి.

కాబట్టి లెక్క ఇలా వస్తుంది. ఎనిమిది కాయిళ్లకు ఒక్కొక్కదానిపై 1,500 తేడా, మొత్తం 12,000. బోర్డు 2,900, పన్నెండు ఎంసీబీలు 275 చొప్పున 3,300, ఆర్‌సీసీబీ 3,300, కలిపి 9,500. తక్కువ వేసినది మొత్తం 21,500. దాని మీద 18 శాతం పన్ను 3,870 కలిపితే 25,370. ఎక్కువ వేసినది 3,300. పన్ను 594 కలిపితే 3,894. ఇది పోగా డాక్టరుగారు ఇవ్వవలసినది 21,476 రూపాయలు.

ఈ రెండింటినీ ఒకే కాగితంలో కూడి తీసివేయడం తేలికే. కానీ చట్టం ప్రకారం తక్కువ వేసినదానికి డెబిట్ నోట్, ఎక్కువ వేసినదానికి క్రెడిట్ నోట్ వేరువేరుగా ఇవ్వాలి. గడువు విషయంలోనూ రెండూ ఒకటి కావు. క్రెడిట్ నోట్ ద్వారా పన్ను తగ్గించుకోవాలంటే, ఆ ఆర్థిక సంవత్సరం ముగిశాక వచ్చే నవంబరు 30 లోపు రిటర్నులో చూపాలి. డెబిట్ నోట్ ఇవ్వడానికి చట్టం అలాంటి ఆఖరి తేదీ పెట్టలేదు. అలాగని ఏళ్ల తరబడి ఆగవచ్చని కాదు. చేసిన పనికి రావలసిన డబ్బు కోసం కోర్టుకు వెళ్లడానికి 1963 నాటి కాలపరిమితి చట్టం ఇచ్చిన గడువు మామూలుగా మూడేళ్లు. అయినా ఈ వ్యవహారంలో కోర్టు గడువు కంటే ముందే వచ్చేది మార్చి 31. డాక్టరుగారు ఆ ఏడాది ఖర్చుల లెక్క ఆడిటరుకు ఇచ్చేశాక వచ్చే బిల్లు, ఎంత నిజమైనదైనా, ఆయనకు రెట్టింపు తలనొప్పి.

ముందు ఫోను, తరువాత కాగితం

కట్టేసిన బిల్లుకు ఇంకో బిల్లు కొరియర్లో వస్తే ఎవరికైనా మొదట కలిగేది అనుమానమే. అందుకే ముందు ఫోన్ చేయాలి, అదీ ఓపీ టైములో కాకుండా.

‘డాక్టరుగారూ, నమస్కారమండీ. మీ వైరింగ్ బిల్లులో నా వల్ల పొరపాట్లు జరిగాయండి. రెండు చోట్ల తక్కువ వేశాను, ఒక చోట ఎక్కువ వేశాను. అన్నీ పోగా ఇరవై ఒక్క వేల చిల్లర మీరు ఇవ్వాల్సి వస్తోంది. లెక్క, చలాన్లు పంపిస్తాను. తీరిగ్గా చూసుకోండి, మీరు సరేనన్నాకే బిల్లు ఇస్తాను.’

ఇంతే చాలు. ఈ మాటల్లో అంకె ఉంది, తప్పు ఎవరిదో ఉంది, పరిశీలించుకునే అవకాశం ఉంది. అంకె చెప్పకుండా ‘చిన్న తేడా వచ్చిందండీ’ అంటే, కాగితం చూసినప్పుడు ఆ చిన్న తేడా ఇరవై వేలని తెలిసి మనిషి మోసపోయినట్టు బాధపడతాడు.

ఆ సాయంత్రం పంపే ఉత్తరం ఇలా ఉండవచ్చు:

‘డాక్టరుగారికి నమస్కారం.

ఆగస్టు 8న మీకిచ్చిన 41వ నంబరు బిల్లును మా కొనుగోలు లెక్కలతో సరిచూసినప్పుడు మూడు పొరపాట్లు కనిపించాయి. బిల్లు ఇచ్చే ముందే నేను చూసి ఉండాల్సింది. చూడలేదు, క్షమించండి.

ఒకటి: ఎనిమిది కాయిళ్ల 4 సైజు వైరుకు 2.5 సైజు ధర వేశాను. మనం ఒప్పుకున్న పట్టిక ప్రకారం తేడా 12,000 రూపాయలు. రెండు: పై అంతస్తు బోర్డు, అందులోని ఎంసీబీలు, ఆర్‌సీసీబీ బిల్లులో చేరలేదు. వాటి విలువ 9,500. మూడు: మేము కొట్టుకు తిరిగి ఇచ్చిన రెండు కాయిళ్లకు మీ దగ్గర 3,300 తీసుకున్నాము. ఇది మీకు రావాలి.

పన్నుతో కలిపి మీరు ఇవ్వవలసినది 21,476 రూపాయలు. కూలిలో మార్పు లేదు, మీరు చెల్లించిన మిగతా బిల్లులో మార్పు లేదు. ధర పట్టిక, జులై నెల మెసేజ్, మూడు చలాన్ల నకళ్లు జత చేశాను. వైరు సైజు, బోర్డు మీ వైద్యశాలలోనే చూసుకోవచ్చు. మీకు వీలైన రోజు చెబితే నేను వచ్చి మూత తీసి చూపిస్తాను.

ఏదైనా పద్దు మీకు సమ్మతం కాకపోతే చెప్పండి, మాట్లాడుకుందాం. అంతా సరిగ్గా ఉందనుకుంటే బిల్లు పంపుతాను. చెల్లింపు ఒకేసారైనా, రెండు విడతలైనా మీ ఇష్టం.’

ఈ ఉత్తరంలో కనిపించే మాటలకంటే లేని మాటలు చూడాలి. ‘మా కుర్రవాడు తప్పు రాశాడు’ అని లేదు. కుర్రవాడు రాసినా బిల్లు మీద సంతకం కాంట్రాక్టర్‌దే. ‘మార్కెట్లో ధరలు మండిపోతున్నాయి’ అని లేదు, ఎందుకంటే కారణం అది కాదు. ‘మీలాంటి పెద్దలు అర్థం చేసుకుంటారని’ అని లేదు. అది అవతలివారి పెద్దరికాన్ని అడ్డం పెట్టి అడగడం. ‘ఏడు రోజుల్లో చెల్లించగలరు’ అని కూడా లేదు. తప్పు చేసినవాడు గడువు పెట్టడం ఏ ఇంటి పద్ధతీ కాదు. క్షమాపణ ఒక్కసారే ఉంది. పేరాకొకటి పెడితే ఆ వినయం కింద అసలు అంకె కనబడకుండా పోతుంది.

డాక్టరుగారు ఎలా నమ్మాలి?

గోడలోకి పోయిన వైరును ఎవరు చూస్తారు? చూడవచ్చు. వైరు పైపూత మీద సైజు అచ్చువేసి ఉంటుంది, కొంత కొంత దూరానికి మళ్లీ మళ్లీ వస్తుంది. మెయిన్ స్విచ్ ఆపి బోర్డు మూత తీస్తే, ఒక్కో ఎంసీబీలోకి వెళ్లే వైరు మీద ఆ అచ్చు చదవవచ్చు. ఎంసీబీలను వేలితో లెక్కపెట్టవచ్చు.

కాయిళ్ల సంఖ్య నిజమేనా అన్నదానికి చిన్న గుణకారం చాలు. పెద్ద లైన్లు పదకొండు ఉన్నాయి. బోర్డు నుంచి సగటున 30 మీటర్ల దూరం. ఒక్కో లైనుకు ఫేజ్, న్యూట్రల్ కలిపి 60 మీటర్ల వైరు. పదకొండింటికి 660 మీటర్లు. ఎనిమిది కాయిళ్లంటే 720 మీటర్లు. ఆ తేడా 60 మీటర్లు బోర్డులో, పెట్టెల్లో వదిలిన చివర్లకు, కోతలో పోయిన ముక్కలకు సరిపోతుంది. ఇదే లెక్కలో పన్నెండు కాయిళ్లు వచ్చి ఉంటే డాక్టరుగారు అడగవలసిందే. కాంట్రాక్టర్ ఈ లెక్కను ముందే చేసి ఉత్తరంతో జత చేస్తే, అవతలివారు ఇంకో ఎలక్ట్రీషియన్‌కు చూపించుకోవడానికీ పనికొస్తుంది. అలా చూపించుకుంటే నొచ్చుకోకూడదు.

అవతలివైపు కాదనడానికి కూడా గట్టి కారణాలు ఉండవచ్చు. పని ముగిసినప్పుడు ‘ఇక నాకు రావలసిన బాకీ ఏమీ లేదు’ అని కాంట్రాక్టర్ రాసిచ్చి ఉంటే, ఇప్పుడు అడిగేదానికి బలం బాగా తగ్గిపోతుంది. డాక్టరుగారు ఆ కాగితం చూపిస్తే వాదించకుండా, ఎంతవరకు ఇవ్వడం న్యాయమనుకుంటారో ఆయన్నే అడగడం మంచిది. చలాన్ మీద సైటులో దించుకున్నవారి సంతకం లేకపోయినా చిక్కే. అప్పుడు మిగిలే రుజువు గోడ మీద ఉన్న బోర్డే.

అసలు డెబిట్ నోట్‌ను ఒప్పందం తరువాతే ఇవ్వాలనడానికి డబ్బు కారణం కూడా ఉంది. నోటు ఇచ్చి రిటర్నులో చూపితే ఆ నెలే 3,870 రూపాయల పన్ను కాంట్రాక్టర్ కట్టాలి, డాక్టరుగారు ఇచ్చినా ఇవ్వకపోయినా. తరువాత ఆయన ఒక పద్దు కాదంటే, దాన్ని సరిదిద్దడానికి మళ్లీ క్రెడిట్ నోట్ వేయాలి. ఒక తప్పును దిద్దడానికి మూడు కాగితాలవుతాయి.

మన ఉదాహరణలో డాక్టరుగారు ఆదివారం పొద్దున రమ్మంటారు. మూత తీసి చూస్తారు. వైరు సైజు చదువుతారు, సరే అంటారు. తరువాత ఎంసీబీలు లెక్కపెట్టి అడుగుతారు: ‘లైన్లు పదకొండు అన్నారు, ఇవి పన్నెండు ఉన్నాయేమిటి?’ రేపు ఇంకో కుర్చీ పెట్టుకుంటే పనికొస్తుందని ఒకటి ఖాళీగా ఉంచానండీ అంటాడు కాంట్రాక్టర్. ‘నేను అడగలేదు కదా’ అంటారు ఆయన. అది నిజమే. కాంట్రాక్టర్ ఆ ఎంసీబీ విప్పి, ఆ ఖాళీకి మూత బిళ్ల బిగించి, జేబులో వేసుకుంటాడు. 275 రూపాయలు, దాని పన్ను 49.50 లెక్కలోంచి పోతాయి. సోమవారం ఇచ్చిన డెబిట్ నోట్‌లో విలువ 21,225 అని, క్రెడిట్ నోట్‌లో 3,300 అని ఉంటుంది. డాక్టరుగారు బ్యాంకు ద్వారా పంపినది 21,151 రూపాయల 50 పైసలు.